తిట్టు మెత్తన, తేదీ గట్టి

"మర్యాదగా రాస్తే ఎవడూ రాడు. ఫోన్ చేసి నాలుగు మాటలను, అదే పరిగెత్తుకొస్తాడు."

2024 ఏప్రిల్ 13 శనివారం సాయంత్రం, ఛత్తీస్‌గఢ్‌లోని ఉసూర్‌లో మా మామ చేను గట్టు మీద ఈ మాట నలుగురు నాలుగు రకాలుగా అన్నారు. ఉగాదికని వెళ్లి అక్కడే ఉండిపోయాను నేను. సరిగ్గా పండగ రోజునే, 9వ తేదీ మంగళవారం, మామ సోలార్ మోటారు ఆగిపోయింది. శనివారం వస్తానని మెకానిక్ మాటిచ్చాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంటిల్లిపాదీ చేను దగ్గరే కూర్చున్నాం. మనిషి రాలేదు. ఫోన్ చేస్తే అందుబాటులో లేదని వచ్చింది. రెండెకరాల బెండ, టమాటా అప్పటికి అయిదు రోజులుగా నీళ్లు లేక తలలు వాల్చేశాయి. అంత కోపంలో ఉన్న మనిషికి తిట్టమని సలహా ఇస్తే తీయగానే ఉంటుంది.

ఆ సలహా తప్పు. ఉసూర్‌లోనే కాదు, చర్లలోనూ, వరంగల్‌లోనూ, ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయిన ప్రతిచోటా అందరూ అనుభవంగా చెప్పే మాట ఇది. అనుభవం లాగే వినిపిస్తుంది. కానీ దాని వెనక లెక్క లేదు. తిడితే వచ్చిన మెకానిక్కులు గుర్తుంటారు. తిట్టిన తర్వాత ఆ నంబరు నుంచి వచ్చే ఫోనే ఎత్తడం మానేసినవాళ్లు లెక్కలోకి రారు. ఎలాగూ ఆ రోజు అటువైపు రావాల్సి ఉండి వచ్చినవాళ్లూ తిట్టు ఖాతాలోనే పడతారు. అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. మెకానిక్ ఎందుకు రాలేదో ఈ సలహా అడగదు. బద్ధకమనో పొగరనో ముందే తేల్చేసి, దానికి మందు తిట్టేనంటుంది.

ఎందుకు రాలేదో చూద్దాం. మామ మంగళవారం ఫోన్‌లో చెప్పింది రెండే మాటలు: "మోటారు ఆడట్లేదు, తొందరగా రా." బీజాపూర్‌లో కూర్చుని ఆ మాట విన్న మెకానిక్‌కు ఏమర్థమవుతుంది? బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా ఉసూర్‌కు దాదాపు 50 కిలోమీటర్లు. అంత దూరం వచ్చేముందు అతను ఒక సంగతి తేల్చుకోవాలి: బోరులోంచి మోటారు పైకి తీయాలా, అక్కర్లేదా? తీయాలంటే ఒక్కడి వల్ల కాదు. పైపు, కేబులు, తాడుతో సహా నూట యాభై అడుగుల లోతు నుంచి మోటారును లాగాలి. ముగ్గురు నలుగురు మనుషులు కావాలి, క్లాంపులు కావాలి, చైన్ పుల్లీ కావాలి, అవి మోసే బండి కావాలి. తీయక్కర్లేదంటే ఒక సంచీ, ఒక మల్టీమీటరు, రెండు కనెక్టర్లు చాలు, బైకు మీద ఒక్కడే వచ్చి పోతాడు. "మోటారు ఆడట్లేదు" అన్న మాట ఈ రెంటిలో ఏదో చెప్పదు. చెప్పనప్పుడు అనుభవమున్న మెకానిక్ పెద్ద పనికే సిద్ధపడతాడు. శనివారం అతనికి మనుషులు దొరకలేదు. అందుకే రాలేదని తర్వాత తెలిసింది. రాలేకపోతున్నానని ఒక్క ముక్క చెప్పకపోవడం మాత్రం అతని తప్పే. దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ శనివారం రాత్రి ఎంత తిట్టినా అతనికి మనుషులు దొరికేవాళ్లు కాదు. దొరికినా, అక్కర్లేని పుల్లీ మోసుకొచ్చి, అక్కరున్న కనెక్టరు మర్చిపోయేవాడు.

అంటే రెండోసారి రమ్మని అడిగేటప్పుడు మన చేతిలో ఉన్న అసలైన బలం మన గొంతు పెంచడంలో లేదు. జబ్బు ఎక్కడుందో మనం చూసి చెప్పగలగడంలో ఉంది. సోలార్ మోటారు విషయంలో దానికి పెద్ద చదువు అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం, మబ్బు లేనప్పుడు, కంట్రోలర్ డబ్బా ఎదుట నిలబడి డిస్‌ప్లే చూస్తే చాలు. ఉదయమో సాయంత్రమో చూస్తే లాభం లేదు, ఎండ చాలకపోయినా అది ఆరిపోయే ఉంటుంది. మంచి ఎండలో కూడా డిస్‌ప్లే వెలగకపోతే ప్యానెళ్ల నుంచి డబ్బాకు కరెంటు చేరడం లేదన్నమాట. స్విచ్ పడిపోయి ఉండాలి, ఫ్యూజు పోయి ఉండాలి, లేదా దారిలో ఒక కనెక్టరు కాలి ఉండాలి, వైరును ఎలుక కొరికి ఉండాలి. బోరు జోలికి వెళ్లే పని దాదాపు ఉండదు. డిస్‌ప్లే వెలుగుతూ ఏదో కోడ్ చూపిస్తే, ఆ కోడ్ ఉన్నదున్నట్టు రాసుకోవాలి. బోరులో నీళ్లు అడుగంటితే తనంతట తానే ఆగే ఏర్పాటు చాలా కంట్రోలర్లలో ఉంటుంది, అప్పుడు అది రిపేరే కాదు. డిస్‌ప్లే మామూలుగా ఉండి, మోటారు తిరుగుతున్నట్టు అంకెలు చూపిస్తూ నీళ్లు మాత్రం రాకపోతే, పైపు పగిలి ఉండొచ్చు, నీటిమట్టం పడిపోయి ఉండొచ్చు. ఆన్ చేసిన మరుక్షణమే ట్రిప్ అవుతుంటే అనుమానం కేబులు మీదా మోటారు చుట్ట మీదా. మనుషులూ పుల్లీ కావాల్సిన సందర్భం ముఖ్యంగా అదే.

ఇదంతా చూడటమే తప్ప ముట్టుకోవడం లేదు. ఈ మాట నొక్కి చెప్పాలి. మామ మోటారు మూడు హార్స్‌పవర్‌ది, దానికి తొమ్మిది ప్యానెళ్లు వరసగా కలిపి ఉన్నాయి. మోటారు ఆగి ఉన్నా సరే, ఎండ ఉన్నంతసేపు ఆ వైరు కొసల్లో 350 నుంచి 400 వోల్టుల దాకా ఉంటుంది. అది ఇంట్లో కరెంటులా సెకనుకు వందసార్లు సున్నాకు పడి లేచే రకం కాదు. ఎండలో కనెక్టరు పీకితే పుట్టే మెరుపు తనంతట తాను ఆరదు, చెయ్యి కాలుస్తుంది. మెకానిక్ రాలేదన్న కోపంలో సొంతంగా విప్పబోయి చేతులు కాల్చుకోవడం కన్నా, కింద నిలబడి ఫొటో తీయడం నయం.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మేం చేసింది అదే. డిస్‌ప్లే నల్లగా ఉంది. స్విచ్ ఆన్‌లోనే ఉంది. ప్యానెళ్ల వెనక్కి వెళ్లి వైరు వెంట చూస్తూ పోతే, మూడో ప్యానెలుకూ నాలుగో ప్యానెలుకూ మధ్య కనెక్టరు నల్లబడి, ప్లాస్టిక్ ఒక పక్కకు కారి కనిపించింది. ఫొటో తీశాం. కంట్రోలర్ మీది నంబరు పలక ఫొటో కూడా తీశాం, ఎందుకంటే ఏ మోడలో అతనికి తెలియాలి. ఆ తర్వాత ఒంటిగంటకు నేను రాసిన సందేశం ఇది. మెకానిక్ భోపాలపట్నం వైపు మనిషి, మనలాగే తెలుగు మాట్లాడతాడు. మామకన్నా చిన్నవాడైనా ఊరంతా అతన్ని అన్నా అనే పిలుస్తారు.

"నమస్తే అన్నా. ఉసూర్ నుంచి, మా మామ సోలార్ మోటారు గురించి రాస్తున్నాను. 9వ తేదీ మంగళవారం నుంచి నీళ్లు రావడం లేదు. 13 శనివారం వస్తామన్నారు. సాయంత్రం ఆరు దాకా చేను దగ్గరే ఉన్నాం, మీరు రాలేదు. ఈరోజు మధ్యాహ్నం 12కు మంచి ఎండలో చూశాం. కంట్రోలర్ డిస్‌ప్లే వెలగడం లేదు, స్విచ్ ఆన్‌లోనే ఉంది. మూడో ప్యానెలు, నాలుగో ప్యానెలు మధ్య కనెక్టరు కాలి కరిగింది. మేం ముట్టుకోలేదు. ఫొటోలు పంపాం. మోటారు పైకి తీసే పని ఉండదనుకుంటున్నాం, మీరే చూసి చెప్పండి. 15 సోమవారం గానీ 16 మంగళవారం గానీ మధ్యాహ్నంలోపు రండి. 17 నవమి, 19 పోలింగ్, ఆ రోజుల్లో బండి దొరకడం మీకూ కష్టమే. ఏ రోజు వస్తారో ఈ రాత్రి 8లోగా చెప్పండి. ఆవపల్లిలో ఉన్నప్పుడే ఒక ఫోన్ చేయండి, అక్కడి నుంచి సిగ్నల్ నమ్మకం లేదు. మోటారు 2022 మార్చిలో పెట్టారు, అయిదేళ్ల వారంటీలో ఉంది. మంగళవారం దాకా మీకు కుదరకపోతే అదే చెప్పండి, ఆ సాయంత్రమే మీ ఆఫీసుకు రాసి ఇంకొకరిని పంపమని అడుగుతాం. బెండ, టమాటా ఎండిపోతున్నాయి."

ఇది చదివి గట్టు మీది పెద్దమనిషి ఒకాయన "మరీ మెత్తగా ఉంది" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవమే, కానీ ఆ మాటతోనే నాకు పేచీ. మెత్తదనం ఎక్కడుంది ఇందులో? "మీరు రాలేదు" అని సూటిగా ఉంది. "మీకు రావడం కుదిరినట్టు లేదు" అని నేను దాన్ని మూట కట్టలేదు. "వీలుంటే ఒకసారి వచ్చి చూడగలరు" అని రాయలేదు. మన తెలుగులో మర్యాద పేరుతో అలవాటుగా వచ్చిపడే ఆ "వీలుంటే", ఆ "ఒకసారి", ఆ "కొంచెం" సందేశాన్ని లోపల్నుంచి తినేస్తాయి. వీలుంటే రమ్మంటే, వీలు లేదనుకునే హక్కు అవతలివాడి చేతిలో పెట్టినట్టే. "త్వరగా" కూడా అలాంటిదే. త్వరగా అంటే మామకు రేపు, మెకానిక్‌కు వచ్చేవారం. 15 గానీ 16 గానీ అంటే ఇద్దరికీ ఒకటే రోజు. ఇక మర్యాద అంటే నమస్తే, అన్నా, మీరు అన్న మూడు మాటలే అనుకుంటే పొరపాటు. అతను బైకు మీద రావాలా, బండి మాట్లాడుకోవాలా అన్నది అతనికి ముందే చెప్పడం, నవమికి భద్రాచలం వెళ్లేవాళ్లతోనూ పోలింగ్‌కు పట్టిన బండ్లతోనూ అతనికి వచ్చే ఇబ్బంది ముందే ఆలోచించి రోజు అడగడం, ఎక్కడ సిగ్నల్ పోతుందో చెప్పడం, ఇవీ మర్యాదే. ఎదుటివాడి పనిని గౌరవించడమంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఇక తిట్టు. పక్క చేను రైతు నిరుడు ఇలాంటి సందర్భంలో ఫోన్‌లో తిట్టిన తిట్లు నేను వినలేదు గానీ, ఆయనే గర్వంగా చెప్పాడు. ఏమని తిట్టావని అడిగితే చాలా ఉన్నాయి. ఏ రోజుకు రమ్మన్నావని అడిగితే లేదు. రాకపోతే ఏం చేస్తానన్నావంటే, "చూసుకుంటా అన్నాను" అన్నాడు. చూసుకుంటా అంటే ఏమిటో ఆయనకే తెలియదు, అవతలివాడికి అంతకన్నా తెలియదు. అందుకే తిట్టు వినడానికి గరుకుగా ఉన్నా లోపల మెత్తన. దాంట్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. అది పూర్తయ్యేసరికి తిట్టినవాడి మనసు తేలికపడుతుంది, మోటారు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఆ రోజు నుంచి మెకానిక్ ఎప్పుడు రాకపోయినా అతనికి ఒక సాకు దొరికినట్టే: "వాళ్లు బూతులు తిట్టారు సార్, నేను వెళ్లను." ఆ మాట విని ఏ ఆఫీసైనా అతని పక్షానే నిలబడుతుంది, నిలబడాలి కూడా.

ఉసూర్‌లో దీనికి ఎదురుగా ఇంకో అభిప్రాయం ఉంది. అది తిట్టు కన్నా ఎక్కువ నష్టం చేస్తోంది, ఎందుకంటే అది మంచితనం లాగా కనిపిస్తుంది. "పాపం, ఈ అడవి దారిలో ఎవరొస్తారు, వచ్చినప్పుడే వస్తాడు" అని ఊరుకోవడం. ఛత్తీస్‌గఢ్‌లో 2016లో సౌర సుజల యోజన మొదలయ్యాక, కరెంటు లైను లేని చేలకు కూడా మూడు, అయిదు హార్స్‌పవర్ల సోలార్ మోటార్లు వచ్చాయి. బస్తర్ లాంటి చోట అది చిన్న మార్పు కాదు. కానీ ఎన్నో ఏళ్లుగా ఏదీ అడిగి ఎరగని ఊళ్లకు వస్తువు రావడమే మహాభాగ్యం అనిపించి, అది చెడిపోతే అడగడం అత్యాశ అనిపిస్తుంది. దొర్ల ఆదివాసీ కుటుంబాల్లో ఈ మొహమాటం ఇంకా ఎక్కువ చూశాను. నెలల తరబడి ప్యానెళ్లు ఎండకు మెరుస్తూ ఉంటాయి, కింద చేను బీడుపడి ఉంటుంది. అయిదేళ్ల వారంటీ దయ కాదు, వస్తువు ధరలోనే ఉన్న భాగం. అది వాడుకోకుండా అయిదేళ్లు దాటిస్తే లాభపడేది అమర్చినవాళ్లే. తిట్టేవాళ్లూ ఊరుకునేవాళ్లూ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు: మెకానిక్ రావడమన్నది అతని మనసు మీద ఆధారపడ్డ విషయం అనుకుంటున్నారు. ఒకరు ఆ మనసును బెదిరిస్తారు, ఇంకొకరు దాన్ని కష్టపెట్టకూడదనుకుంటారు.

"రాయడమెందుకు, ఫోన్‌లోనే ఇదంతా చెప్పొచ్చు కదా" అనేవాళ్లకు ఒక మాట. చెప్పండి, తప్పకుండా చెప్పండి. కానీ రాసి కూడా పంపండి. ఫోన్‌లో చెప్పింది బైకు ఎక్కేలోపు మర్చిపోతారు. రాసింది సామాను సర్దుకునేటప్పుడు మళ్లీ తీసి చూస్తారు. ఇంకో సంగతి, ఉసూర్ లాంటి చోట ఫోన్ కలవాలంటే ఇద్దరికీ ఒకేసారి సిగ్నల్ ఉండాలి. సందేశానికి ఆ ఇబ్బంది లేదు, అతను సిగ్నల్‌లోకి వచ్చినప్పుడు దానంతటదే చేరుతుంది. వాట్సాప్‌లో ఒక్క టిక్కే ఉంటే ఇంకా చేరలేదని అర్థం, కాబట్టి జవాబు రాలేదని అప్పుడే కోపం తెచ్చుకోకూడదు. నేను ఆ పూట మామూలు ఎస్సెమ్మెస్ కూడా ఒకటి పంపాను, ఇంటర్నెట్ లేకపోయినా అది చేరుతుందని. దాన్ని చిన్నగా ఉంచాలి. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 గుర్తులే పడతాయి, గుణింతం, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. పొడుగ్గా రాస్తే అది ముక్కలై వెళుతుంది. "డిస్‌ప్లే వెలగట్లేదు, కనెక్టరు కాలింది. వాట్సాప్ చూడండి" అని మాత్రం పంపాను.

ఇంత చేసినా రాకపోతే? రానివాళ్లూ ఉంటారు, కాదనను. గట్టిదనానికి అసలు పరీక్ష అక్కడే. సందేశంలో చెప్పిన తేదీన, చెప్పిన పనే చేయాలి. ఆఫీసుకు రాస్తామన్న మంగళవారం సాయంత్రం దాటి బుధవారం దాకా ఆగితే, మన తర్వాతి సందేశానికి విలువ ఉండదు. ఆఫీసూ పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది. అదీ తేల్చకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. వారంటీలో ఉన్న వస్తువును బాగుచేయకపోవడాన్ని అక్కడ సేవాలోపంగా ప్రశ్నించవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. ఆ దారిలో ఏ మెట్టు మీదైనా మొదట అడిగేది ఒకటే: ఏ రోజు చెప్పారు, ఏ రోజు వస్తామన్నారు, ఏ రోజు రాలేదు? పైన ఉన్న సందేశంలో ఈ మూడూ ఉన్నాయి. తిట్టిన ఫోన్ కాల్‌లో ఒక్కటీ లేదు. ఒకవేళ ఆ తిట్లను అవతలివాళ్లు రికార్డు చేసుకుని ఉంటే, అక్కడ వినిపించేది వాళ్ల ఫిర్యాదే అవుతుంది.

అన్నీ సందేశంతోనే తీరతాయని నేను అనడం లేదు. మోటారు చుట్ట కాలిపోయి ఉంటే ఎంత బాగా రాసినా మనుషులు, పుల్లీ, కొత్త మోటారు వచ్చేదాకా ఆగాల్సిందే. వర్షాకాలంలో వాగు పొంగితే ఏ తేదీ నిలవదు. అప్పుడు అడగాల్సింది రోజు కాదు, వాగు తగ్గాక ఎవరు ముందు ఫోన్ చేయాలి అన్నది. ఆ మాత్రం తేడా గమనించి రాయాలి.

ఆ ఆదివారం రాత్రి ఏడున్నరకు జవాబు వచ్చింది: "డిస్‌ప్లే పోయిందని ఎవరూ చెప్పలేదు అన్నా. మోటారు తీయాలేమో అని మనుషుల కోసం చూస్తున్నా. మంగళవారం పొద్దున వస్తా." మంగళవారం పదకొండున్నరకు బైకు మీద ఒక్కడే వచ్చాడు. ముందు స్విచ్ ఆపి, ఆ వరస ప్యానెళ్ల మీద దుప్పటి కప్పించి, మీటరు పెట్టి చూసి, కాలిన కనెక్టరు కోసేశాడు. అది ఎందుకు కాలిందో చూపించాడు: ఒక పక్క ఒక కంపెనీది, ఇంకో పక్క వేరే కంపెనీది. చూడటానికి రెండూ ఒకలాగే ఎంసీ4 కనెక్టర్లు, ఒకదాంట్లో ఒకటి దిగుతాయి కూడా, కానీ లోపల పట్టు సరిగ్గా కుదరదు. వదులైన చోట వేడి పుట్టి రెండేళ్లలో కరిగింది. రెండు పక్కలా ఒకే కంపెనీవి పెట్టి బిగించాడు, మిగతా కనెక్టర్లు కూడా తడిమి చూశాడు. పని ముప్పావుగంట పట్టింది. డబ్బు తీసుకోలేదు, వారంటీ అన్నాడు. శనివారం చెప్పకుండా ఉండిపోయినందుకు మామ దగ్గర తనే క్షమాపణ అడిగాడు, మేం అడగకముందే.

మీ మోటారో, ఫ్రిజ్జో, మరొకటో ఆగి, వస్తానన్న మనిషి రాకపోతే, ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు ఒక్కసారి ఆ వస్తువు దగ్గరికి వెళ్లి నిలబడండి. ఏం వెలుగుతోంది, ఏం వెలగడం లేదు, ఎక్కడ కాలింది, చూసి రండి. తర్వాత తేదీ వేసి రాయండి.